దగ్గు కంటే ముందే బిగుసుకోవాల్సిన కండరాలు

గట్టిగా దగ్గినప్పుడో, తుమ్మినప్పుడో, కింద నుంచి ఏదైనా బరువు ఎత్తినప్పుడో రెండు చుక్కల మూత్రం జారిపోతే వెంటనే వినిపించే మాట ఒకటే: కింద కండరాలు వీక్ అయిపోయాయి, వాటిని బిగించి వదిలే కీగెల్ ఎక్సర్‌సైజులు చెయ్యి. ఈ సలహా తప్పు కాదు కానీ సగమే. ఎందుకంటే పరీక్ష చేస్తే మంచి బిగువే ఉండి, అడిగినప్పుడు చక్కగా బిగించి పట్టుకోగలిగి కూడా దగ్గితే మాత్రం తడిసిపోయేవాళ్లు ఉన్నారు. వాళ్లలో కండరానికి బలం ఉంది, అది రావాల్సిన సమయానికి రావడం లేదు. ఇది అర్థం కావాలంటే కటి అడుగున పరుచుకున్న ఆ కండరాలని, అంటే పెల్విక్ ఫ్లోర్‌ని, ఒంటరిగా చూడటం మానేసి, దానికి పైనున్న డయాఫ్రమ్‌తో, చుట్టూ ఉన్న లోతైన పొట్ట కండరాలతో కలిపి చూడాలి.

పక్కటెముకల కింద, ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డంగా ఉండే పలుచటి గొడుగులాంటి కండరం డయాఫ్రమ్. మనం గాలి పీల్చేటప్పుడు ఎక్కువ పని చేసేది అదే. పొట్ట ముందూ పక్కలూ నాలుగు జతల కండరాలు ఉంటాయి, వాటిలో అన్నిటికంటే లోపలిది ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్. దీని పోగులు దాదాపు అడ్డంగా నడిచి, వెనక నడుము దగ్గరి గట్టి పొరకి అతుక్కుంటాయి. అందుకే అది బిగిస్తే వెన్ను వంగదు, తిరగదు, నడుము చుట్టుకొలత తగ్గుతుందంతే. ఇక కింద, ముందున్న ప్యూబిక్ ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా పరుచుకుని ఉండేది పెల్విక్ ఫ్లోర్. అందులో ముఖ్యమైన భాగం లెవేటర్ ఆనై అనే కండరాల గుంపు. మూత్రనాళం, మలద్వారం, ఆడవాళ్లలో అయితే యోని కూడా దీని మధ్యలో ఉన్న సందులోంచే కిందికి వస్తాయి. అంటే ఈ కండరం ఒకేసారి రెండు పనులు చేయాలి. పైనుంచి వచ్చే బరువంతా మోయాలి, మధ్యలో ఉన్న దారిని అవసరమైనప్పుడు మూయాలి, అవసరమైనప్పుడు తెరవాలి. మిగతా రెండు కండరాలకీ ఈ తలనొప్పి లేదు.

ఊరికే కూర్చుని ఊపిరి పీలుస్తున్నప్పుడు కూడా ఇవి కలిసే కదులుతాయి. గాలి లోపలికి వెళ్లేటప్పుడు డయాఫ్రమ్ ఒకటి రెండు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, దాని కింద ఉన్న పేగులూ కాలేయమూ ఎటో ఒకవైపు జరగాలి కాబట్టి పొట్ట కొంచెం ముందుకి వస్తుంది, పెల్విక్ ఫ్లోర్ కూడా కొద్దిగా కిందికి దిగుతుంది. గాలి వదిలేటప్పుడు అన్నీ వెనక్కి వస్తాయి. ఊపిరి తీస్తున్న మనిషికి ఎంఆర్‌ఐ తీస్తే పైనున్న కండరమూ కిందున్న కండరమూ ఒకే దిశలో కదలడం కనిపిస్తుంది. ఈ మామూలు ఊగిసలాటలో పొట్ట లోపలి ఒత్తిడి పెద్దగా మారదు. ఎవరికీ టెన్షన్ లేదు. ఇబ్బంది మొదలయ్యేది ఈ కండరాలన్నీ ఒకేసారి లోపలికి నొక్కాల్సి వచ్చినప్పుడు.

దగ్గు అలాంటి సందర్భమే. ఒక్క దగ్గుని నిదానంగా విడదీసి చూస్తే అందులో మూడు దశలు ఉన్నాయి. ముందు గబుక్కున గాలి పీల్చడం: డయాఫ్రమ్ కిందికి దిగుతుంది, పెల్విక్ ఫ్లోర్ దానితో పాటే కొంచెం సాగుతుంది. తర్వాత గొంతులో స్వరపేటిక దగ్గర దారి మూసుకుపోతుంది, దాదాపు సెకనులో ఐదో వంతు సేపు. ఆ కాస్త సమయంలోనే పొట్ట కండరాలు ఒక్కసారిగా బిగుసుకుంటాయి, గాలి బయటికి పోయే దారి లేదు కాబట్టి ఛాతీలోనూ పొట్టలోనూ ఒత్తిడి అమాంతం పెరుగుతుంది. చివరికి గొంతు తెరుచుకుంటుంది, పొట్ట కండరాలు నొక్కిన నొక్కుకి డయాఫ్రమ్ పైకి ఎగదన్నుతుంది, గాలి విసురుగా బయటికి పోతుంది. వినిపించే శబ్దం ఈ మూడో దశది. మూత్రం జారే ప్రమాదం మాత్రం రెండో దశలోనే మొదలైపోతుంది, అంటే దగ్గు చెవికి వినపడే లోపే కింద జరగాల్సింది జరిగిపోతుంది.

ఒత్తిడి పెరిగినప్పుడు పైకి తప్పించుకునే దారి గొంతు, అది ఆ క్షణంలో మూసి ఉంది. వెనక వెన్నెముక ఉంది, చుట్టూ కండరాల గోడ ఉంది. మిగిలింది అడుగు. అక్కడ ఎంత బరువు పడుతుందో లెక్క వేయడం కష్టమేమీ కాదు. పొట్ట లోపలి ఒత్తిడిని నీటి సెంటీమీటర్లలో కొలుస్తారు, ఒక సెంటీమీటరు నీటి ఒత్తిడి అంటే ఒక చదరపు సెంటీమీటరు మీద ఒక గ్రాము బరువు. గట్టి దగ్గులో ఇది 100 సెంటీమీటర్లు దాటడం మామూలే, కాబట్టి లెక్క కోసం 100 అనుకుందాం. లెవేటర్ కండరాల మధ్య ఉన్న సందు వైశాల్యం 15 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే ఆ సందు మీద పడే బరువు 1500 గ్రాములు, అంటే కిలోన్నర. ప్రసవంలో బాగా సాగిపోయి, ముక్కినప్పుడు అదే సందు 25 చదరపు సెంటీమీటర్లకి తెరుచుకుంటే, ఒత్తిడి ఏమాత్రం మారకపోయినా బరువు రెండున్నర కిలోలు. ఇక్కడే ఒక చెడ్డ చక్రం ఉంది: సందు ఎంత తెరుచుకుంటే అంత ఎక్కువ బరువు పడుతుంది, ఎంత బరువు పడితే అంత తెరుచుకుంటుంది. ఒత్తిడి రాకముందే కండరం బిగుసుకుని సందుని చిన్నదిగా ఉంచితే ఈ చక్రం మొదలే కాదు. ఒత్తిడి వచ్చాక బిగించడం మొదలుపెడితే, అప్పటికే సాగిన కండరంతో పెరిగిన బరువుని వెనక్కి ఎత్తాలి. అది చాలా కష్టమైన పని.

అయితే సందు చిన్నగా ఉంటే మూత్రనాళం ఎందుకు మూసుకుంటుంది? నాళం చుట్టూ దాని సొంత బిగింపు కండరం ఉంది, అది ఎప్పుడూ కొంత బిగువుతోనే ఉంటుంది. కానీ దగ్గులాంటి దెబ్బకి అదొక్కటే సరిపోదు. 1994లో అమెరికా గైనకాలజిస్టు జాన్ డిలాన్సీ ప్రతిపాదించిన వివరణ ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉంది. మూత్రనాళం యోని ముందు గోడ మీద, రెండు పక్కలా కటి గోడలకీ లెవేటర్ కండరాలకీ కట్టి ఉన్న పొర మీద ఆనుకుని ఉంటుంది. పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు నాళం ఆ పొరకేసి అణిగి మూసుకుంటుంది. నీళ్లు పోతున్న రబ్బరు పైపుని గట్టి నేల మీద తొక్కితే నీళ్లు ఆగిపోతాయి, అదే పైపుని మెత్తటి బురదలో తొక్కితే పైపు బురదలోకి దిగుతుంది తప్ప నీళ్లు ఆగవు. కింద ఉన్న ఆనిక గట్టిగా ఉంటే దగ్గు ఒత్తిడే నాళాన్ని మూస్తుంది, మెత్తగా ఉంటే అదే ఒత్తిడి మూత్రాన్ని బయటికి తోస్తుంది. ఆ ఆనికకి గట్టిదనం ఇచ్చేది కొంతవరకు ఆ పొర, మిగతాది సమయానికి బిగుసుకున్న లెవేటర్ కండరం.

సమయానికి అంటే ఎంత ముందు? 1982లో కాన్‌స్టాంటినూ, గోవన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లు దగ్గుతుండగా మూత్రాశయంలో ఒత్తిడినీ మూత్రనాళంలో ఒత్తిడినీ ఒకేసారి కొలిచారు. నాళంలో ఒత్తిడి మూత్రాశయం కంటే దాదాపు పావు సెకను ముందే పెరగడం మొదలైంది. పొట్టలో ఒత్తిడి పెరగడం వల్లే నాళం మూసుకుంటుంది అనుకుంటే ఈ ముందు రావడానికి అర్థమే లేదు, ఫలితం కారణం కంటే ముందు రాదు కదా. అంటే మెదడు దగ్గమని పొట్ట కండరాలకి చెప్పేటప్పుడే, ఇంకా చెప్పాలంటే దానికి కాస్త ముందే, కింద కండరాలకీ ఆ కబురు పంపుతోంది. చెయ్యి విసురుగా ఎత్తినప్పుడు కూడా ఇలాంటిదే కనిపిస్తుంది. చెయ్యి కదలకముందే ట్రాన్స్‌వర్సస్, డయాఫ్రమ్, పెల్విక్ ఫ్లోర్ మూడూ పనిలోకి దిగుతాయి, ఎందుకంటే చెయ్యి ఊపు వెన్నుని కదిలిస్తుందని శరీరానికి ముందే తెలుసు.

మూత్రం జారే సమస్య ఉన్న కొందరిలో ఈ ముందస్తు కబురు ఆలస్యం అవుతుంది. ప్రసవంలో నరం సాగడం ఒక కారణం, ఈ కండరాలకి కబురు మోసే నరాలు వెన్నుపాము కింది చివరనున్న సేక్రల్ భాగాల్లో రెండు నుంచి నాలుగు వరకు ఉన్నవాటి నుంచి వస్తాయి, తల బయటికి వచ్చే దారిలో అవి బాగా సాగుతాయి. కుట్ల నొప్పి వల్ల నెలల తరబడి ఆ భాగాన్ని కదపకుండా ఉండటం కూడా కొంత కారణం కావచ్చు. మరికొందరి విషయం ఇంకా వింతగా ఉంటుంది. ఆస్ట్రేలియాలో పాల్ హాడ్జెస్ బృందం చేసిన కొలతల్లో, మూత్రం జారే సమస్య ఉన్న ఆడవాళ్లలో పెల్విక్ ఫ్లోర్ విద్యుత్ చర్య తక్కువగా కాక ఎక్కువగా కనిపించింది, దానితో పాటు పొట్ట పైపొర కండరాల బిగింపు కూడా ఎక్కువే. అంటే కింద కండరం కష్టపడుతూనే ఉంది, పైనుంచి పొట్ట అంతకంటే గట్టిగా నొక్కుతోంది. ఇలాంటి మనిషికి ఇంకాస్త బిగించు అని చెప్పడం వల్ల ఒరిగేది తక్కువ.

కబురు తనంతట తాను సమయానికి రాకపోతే, దాన్ని కావాలని ముందే పంపవచ్చా? పంపవచ్చు. 1998లో జానిస్ మిల్లర్, జేమ్స్ ఆష్టన్-మిల్లర్, డిలాన్సీ కలిసి అచ్చు వేసిన చిన్న పరిశోధన దీన్నే పరీక్షించింది. కొద్దిపాటి సమస్య ఉన్న 27 మంది పెద్ద వయసు ఆడవాళ్లకి, దగ్గే ముందు పెల్విక్ ఫ్లోర్ బిగించి, దగ్గు అయ్యేదాకా వదలకుండా ఉండటం నేర్పారు. వారం తర్వాత చూస్తే, ఈ కిటుకు వాడి మధ్యస్థంగా దగ్గినప్పుడు జారే మూత్రం సగటున 98 శాతం, గట్టిగా దగ్గినప్పుడు 73 శాతం తగ్గింది. ఇందులో అసలు గమనించాల్సింది వారం అనే మాట. వారంలో కండరం పెరగదు, బలం రాదు. మారింది వేళ ఒక్కటే. అలాగని ఇది అందరికీ వర్తించే అంకె కాదు, వాళ్లు తక్కువ సమస్య ఉన్నవాళ్లు, బిగించడం తెలిసినవాళ్లు. గట్టి దగ్గుకి ఫలితం తగ్గడం కూడా అర్థవంతమే: ఒత్తిడి మరీ పెరిగితే ముందే బిగించినా ఆనిక కొంత దిగుతుంది.

ఆ దిగడం గురించి ఒక అపోహ ఉంది. దగ్గినప్పుడు పెల్విక్ ఫ్లోర్ పైకి లేవాలి, కిందికి వెళ్లిందంటే పాడైనట్టే అని చాలా చోట్ల రాస్తున్నారు. అల్ట్రాసౌండ్‌లో చూస్తే పిల్లలు పుట్టని, ఏ సమస్యా లేని యువతుల్లో కూడా గట్టి దగ్గుకి మూత్రాశయం మెడ, అంటే అది నాళంతో కలిసే చోటు, కొన్ని మిల్లీమీటర్లు దిగుతుంది. ముందే బిగిస్తే ఆ దిగడం బాగా తగ్గుతుంది, పూర్తిగా ఆగాల్సిన పని లేదు. కండరం బిగిసి ఉండి, బరువుకి నెమ్మదిగా లొంగుతూ దాన్ని ఆపుతుంది, మెట్లు దిగేటప్పుడు తొడ కండరం చేసే పని ఇలాంటిదే. చూడాల్సింది ఎంత దిగింది, ఎంత త్వరగా తిరిగి వచ్చింది అని.

దీన్ని ఇంట్లో పరీక్షించుకోవడం కూడా వీలే, అయితే ఇది అంచనాకి మాత్రమే. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పల్చటి బట్ట మీదుగా మలద్వారానికి కాస్త ముందున్న మెత్తటి చోట వేలు ఆనించాలి. మొదట లోపలికి గాలి పీలిస్తే వేలి కింద ఆ భాగం స్వల్పంగా బయటికి రావడం తెలియాలి, అది సహజం. తర్వాత గ్యాస్ పోకుండా ఆపుకుంటున్నట్టు బిగిస్తే అది వేలి నుంచి దూరంగా లోపలికి పోవాలి. వదిలేస్తే మళ్లీ యథాస్థానానికి రావాలి. ఈ మూడూ తెలిశాక ఒకసారి చిన్నగా దగ్గాలి. వేలి కింద గట్టిగా నిలబడినా, కొద్దిగా కదిలి వెంటనే వెనక్కి వచ్చినా పర్వాలేదు. ఉబ్బెత్తుగా వేలిని తోసేసి, దగ్గు ఆగాక కూడా కాసేపు అలాగే ఉంటే ఆనిక లొంగిపోతోందని అర్థం. రెండో చెయ్యి బొడ్డు కింద పెట్టి అదే దగ్గుని గమనిస్తే ఇంకో ఆధారం దొరుకుతుంది: పొత్తికడుపు లోపలికి లాగినట్టు అవుతోందా, లేక పైపొట్ట బిగుసుకుని కింది భాగం ఉబ్బుతోందా అని. బిగించమంటే ఊపిరి బిగబట్టి, పిరుదులూ తొడలూ నొక్కి, ముక్కేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకి వేలి కింద లోపలికి బదులు బయటికి వస్తుంది. అలా చేస్తున్న మనిషి రోజుకి వందసార్లు చేసినా తోయడమే సాధన చేస్తున్నట్టు లెక్క.

బరువెత్తడంలో కండరాలు ఇవే కానీ పరిస్థితి వేరు. దగ్గు అర సెకను వ్యవహారం, బరువెత్తడం రెండు మూడు సెకన్లు సాగుతుంది. దగ్గులో గాలి పీల్చడం, గొంతు మూయడం మన చేతిలో పెద్దగా ఉండదు, బరువెత్తేటప్పుడు ఊపిరి పూర్తిగా మన ఇష్టం. పైగా ఇక్కడ పొట్ట ఒత్తిడి వల్ల ఉపయోగం ఉంది. చుట్టూ గోడ బిగిసి, పైన డయాఫ్రమ్ దిగి నిలబడి, లోపల ఒత్తిడి పెరిగితే వెన్నుకి ముందు నుంచి ఒక దన్ను దొరుకుతుంది, నడుము వంగిపోకుండా ఉంటుంది. కాబట్టి ఒత్తిడి లేకుండా బరువెత్తాలనుకోవడం కుదరదు. పనికి సరిపడా ఒత్తిడి ఉండాలి, దానికి సరిపడా అడుగు బిగింపు ఉండాలి. చిన్న బరువులకి మనం భయపడేంత ఒత్తిడి రాదు కూడా. కొన్ని కిలోలు బల్ల మీంచి ఎత్తడం కంటే కుర్చీలోంచి విసురుగా లేవడంలోనే ఎక్కువ ఒత్తిడి నమోదైన కొలతలు ఉన్నాయి. ఆపరేషన్ తర్వాత చిన్న సంచీ ఎత్తొద్దని చెప్పి, రోజంతా పొడి దగ్గుతో వదిలేయడం అందుకే కాస్త తలకిందుల వ్యవహారం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రెండో కాన్పు అయి ఆరు నెలలైన తల్లి, నేల మీద కూర్చున్న పెద్ద బిడ్డని ఎత్తుకోవాలి. బిడ్డ బరువు 12 కిలోలు. ఆమె బిడ్డకి దూరంగానే నిలబడి, నడుము వంచి, చేతులు చాపి, గబుక్కున గాలి పీల్చి బిగబట్టి పైకి లాగుతుంది. బిడ్డ నేల నుంచి లేచే క్షణంలోనే తడిసిన సంగతి తెలుస్తుంది. ఇక్కడ మూడు విషయాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మొదటిది దూరం: బిడ్డ ఆమె నడుముకి 50 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాడు అనుకుంటే నడుము మీద పడే తిప్పుడు భారం 12 ఇంటూ 50, అంటే 600 కిలో-సెంటీమీటర్లు. మోకాళ్లు వంచి దగ్గరికి జరిగి 25 సెంటీమీటర్లకి తెచ్చుకుంటే అదే బిడ్డ 300. ఆమె సొంత మొండెం బరువు ఈ లెక్కలో లేదు, ముందుకి వంగితే అది కూడా కలుస్తుంది. నడుము మీద భారం ఎంత ఎక్కువైతే పొట్ట అంత గట్టిగా బిగుసుకోవాలి, అంత ఒత్తిడి పుడుతుంది.

రెండోది ఊపిరి. నిండా గాలి పీల్చి బిగబట్టినప్పుడు డయాఫ్రమ్ కింద నిలబడిపోయి ఉంది, గొంతు మూసి ఉంది. పొట్ట గోడ బిగించిన ప్రతి నొక్కూ పైకి పోలేక అడుగుకే వస్తుంది. అదే గాలి మెల్లగా వదులుతూ ఎత్తితే డయాఫ్రమ్ వదులై పైకి పోతుంటుంది, ఒత్తిడి శిఖరం తగ్గుతుంది. గాలి వదిలేటప్పుడు ట్రాన్స్‌వర్సస్ కూడా సులువుగా పనిలోకి దిగుతుంది, దానితో జతగా పెల్విక్ ఫ్లోర్ లేవడమూ సులువు. మూడోది వరస. ఆమెలో కింద కండరం బిగుసుకోవడం బిడ్డ లేచిన తర్వాత మొదలైంది. మార్చుకోవాల్సిన వరస ఇది: దగ్గరికి జరిగి, వంగుతూ గాలి పీల్చి, బిడ్డని పట్టుకున్నాక ముందు కింద బిగించి, గాలి వదలడం మొదలుపెట్టి, ఆ తర్వాతే లేవడం, నిలబడ్డాక వదిలేయడం. బిగింపు మొత్తం శక్తితో ఉండక్కర్లేదు, సగం కంటే తక్కువే చాలు. గాలి వదలడం ఎత్తడంతో కలిసి మొదలైతే కొందరికి సరిపోదు, అర క్షణం ముందు మొదలవ్వాలి. మొదట్లో ఇది మెషీన్ నడిపినట్టు కృతకంగా అనిపిస్తుంది, దాన్ని ఏడెనిమిది కిలోల మీద అలవాటు చేసుకున్నాకే బిడ్డ మీద ప్రయత్నించడం నయం, ఎందుకంటే బిడ్డ కదులుతాడు, ఏడుస్తాడు, మెడకి వేలాడతాడు, అప్పుడు వరస గుర్తుండదు.

ట్రాన్స్‌వర్సస్ గురించి ఇక్కడ ఒక మాట. అది పెల్విక్ ఫ్లోర్‌తో జతకట్టే కండరం అని, ఒకటి బిగిస్తే రెండోది కూడా కొంత బిగుస్తుందని రూత్ సాప్స్‌ఫర్డ్ తదితరుల పనితో 2001లో బాగా ప్రచారంలోకి వచ్చింది. దాని నుంచి కొందరు, పొట్ట లోపలికి లాక్కుంటే చాలు, కింద సంగతి అదే చూసుకుంటుంది అనే దాకా వెళ్లిపోయారు. అది నిలవలేదు. నార్వే ఫిజియోథెరపిస్టు కారి బో బృందం అల్ట్రాసౌండ్‌లో చూస్తే, పొట్ట మాత్రమే లాగమన్నప్పుడు కింద భాగం తక్కువగా లేచింది, కొందరిలో అసలు లేవకపోగా కిందికి దిగింది. కాబట్టి జత ఉన్న మాట నిజమే, కానీ అది సమస్య ఉన్నవాళ్లలోనే తెగిపోయి ఉండొచ్చు, అలాంటప్పుడు పొట్ట లాగడం అంటే అడుగు మీద అదనపు నొక్కు. మొదట కింద, తర్వాత పొట్ట అనే వరస సురక్షితం. రోజంతా పొట్ట లోపలికి పీల్చుకుని నడిచే అలవాటు కూడా మంచిది కాదు, ఎప్పుడూ బిగిసి ఉన్న గోడకి దగ్గు వచ్చినప్పుడు ఇంకా బిగించడానికి మిగిలేది తక్కువ, ఊపిరికి డయాఫ్రమ్ దిగే చోటూ ఉండదు.

ఊపిరి వదులుతూ ఎత్తడం అన్నిటికీ పనికొచ్చే సూత్రం కూడా కాదు. తన శక్తికి అంచున ఉన్న బరువు ఎత్తే క్రీడాకారులు గాలి బిగబట్టేది ఊరికే కాదు, అంత భారానికి వెన్ను నిలవాలంటే ఆ ఒత్తిడి కావాలి. పిల్లలు పుట్టని, యుక్తవయసులో ఉన్న లిఫ్టర్లలో కూడా పోటీ బరువుల దగ్గర మూత్రం జారడం కనిపించేది అందుకే: కండరం బలంగానే ఉంది, ఒత్తిడి దాని హద్దు దాటింది. వాళ్ల విషయంలో చూడాల్సింది ఏ బరువు దగ్గర, వరసగా ఎన్నోసారి ఎత్తినప్పుడు, అంటే ఎన్నో రెప్ దగ్గర మొదలవుతోంది అని. మొదటి రెప్‌కే అయితే వరసలో లోపం, ఆరో ఏడో రెప్‌కి అయితే అలసట. దగ్గులో కూడా ఇదే తేడా కనిపిస్తుంది, మొదటి దగ్గు ఆపుకోగలిగి వరసగా వచ్చిన ఐదో దగ్గుకి జారితే ముందస్తు బిగింపు పనిచేస్తోందని, నిలదొక్కుకునే ఓపిక చాలడం లేదని అర్థం. ఈ కండరాల్లో ఎక్కువ పోగులు నెమ్మదిగా, ఎక్కువసేపు పనిచేసే రకం, కొన్ని మాత్రమే చటుక్కున బిగిసే రకం. సాధనలో పది సెకన్లు పట్టుకోవడమూ ఉండాలి, ఒక్క సెకనులో బిగించి పూర్తిగా వదిలేయడమూ ఉండాలి.

పూర్తిగా వదిలేయడం అనేది తేలిగ్గా తీసేయాల్సిన మాట కాదు. మల విసర్జన సమయంలో డయాఫ్రమ్ దిగుతుంది, పొట్ట కండరాలు నొక్కుతాయి, ఒత్తిడి పెరుగుతుంది, అంటే పైన అంతా దగ్గు లాగానే ఉంటుంది, కానీ కింద మాత్రం కండరం వదులు కావాలి. అదే ఒత్తిడికి ఒకచోట మూయాలి, ఒకచోట తెరవాలి. వదలడం మరిచిపోయిన కండరం రెండు చోట్లా విఫలమవుతుంది: మలబద్ధకం వస్తుంది, ముక్కి ముక్కి ఆనిక సాగుతుంది, దగ్గు వచ్చినప్పుడు అప్పటికే బిగిసి అలిసిపోయిన కండరం ఇంకా ఏమీ ఇవ్వలేదు. కలయికలో నొప్పి, తోక ఎముక దగ్గర నొప్పి, మూత్రం మొదలవడానికి ఆలస్యం, వేలి పరీక్షలో గాలి పీల్చినా కింద ఏ కదలికా లేకపోవడం, ఇవి ఉంటే కీగెల్‌తో మొదలుపెట్టకూడదు, వదలడంతో మొదలుపెట్టాలి.

వేళ సరిచేయడంతో తీరని సమస్యలూ ఉన్నాయి. బిడ్డ తలని పట్టి లాగే ఫోర్సెప్స్‌తో అయిన ప్రసవాల్లో ఎక్కువగా, లెవేటర్ కండరం ప్యూబిక్ ఎముక దగ్గర ఊడిపోవచ్చు. ఊడిన పక్క ఎంత బిగించినా సందు మూసుకోదు, వేలితో పరీక్షించే ఫిజియోథెరపిస్టుకి ఒక పక్క కండరం లేనట్టే తెలుస్తుంది, అల్ట్రాసౌండ్‌లో తేలిపోతుంది. మూత్రనాళం సొంత బిగింపే బాగా దెబ్బతింటే చిన్న దగ్గుకీ, నిలబడినా కూడా జారుతుంది. ప్రోస్టేట్ తీసేసిన మగవాళ్లకి అయ్యేది దాదాపు ఇదే, వాళ్లకి కూడా లేచే ముందు, దగ్గే ముందు బిగించడం నేర్పుతారు. యోనిలో ఏదో జారుతున్నట్టు, ఉండలా తగులుతున్నట్టు ఉన్నా, మూత్రంలో రక్తం కనిపించినా, కాళ్ల మధ్య కొత్తగా తిమ్మిరి వచ్చినా ఇంటి పరీక్షలు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. తిమ్మిరితో పాటు మూత్రం ఆగిపోతే అదే రోజు వెళ్లాలి.

మామూలు కేసుల్లో బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ మార్గదర్శకం చెప్పేది, శిక్షణ ఉన్నవాళ్ల పర్యవేక్షణలో కనీసం మూడు నెలలు, రోజుకి మూడుసార్లు, ప్రతిసారీ కనీసం ఎనిమిది బిగింపులు. దీనికి తోడు దగ్గు కిటుకుని విడిగా సాధన చేయాలి, అది తనంతట తాను రాదు. పడుకుని ఒక చిన్న దగ్గుతో మొదలుపెట్టి, అది నమ్మకంగా వచ్చాక కూర్చుని, తర్వాత నిలబడి, తర్వాత మూత్రాశయం కాస్త నిండుగా ఉన్నప్పుడు, చివరికి వరసగా రెండు మూడు దగ్గులకి. నిజమైన దగ్గు చెప్పి రాదు అనే మాట నిజమే కానీ గొంతులో గరగర మొదలైనప్పటి నుంచి దగ్గు పడేదాకా సాధారణంగా ఒకటి రెండు సెకన్ల వ్యవధి ఉంటుంది, బిగించడానికి పావు సెకను చాలు. తుమ్ముకి ఇంకా ఎక్కువ సమయమే దొరుకుతుంది. ఇక ఉబ్బసం, పాత బ్రాంకైటిస్, పొగ అలవాటు వల్ల రోజుకి వందల సార్లు దగ్గే మనిషి ఎంత సాధన చేసినా కండరం అలసట ముందు ఓడిపోతుంది, వాళ్లలో మొదట పని మొదలుపెట్టాల్సింది ఊపిరితిత్తుల దగ్గర.